ఎనిమిది బొమ్మలు, ఒకే చేతి గీత

మార్చి దాటి ఎండలు ముదిరేసరికి వడదెబ్బ పోస్టర్లు గోడలెక్కుతాయి. నీళ్లు తాగండి, గొడుగు పట్టండి, మిట్టమధ్యాహ్నం బయటికి వెళ్లకండి అని ఒక్కో మాట పక్కన ఒక్కో చిన్న బొమ్మ. అలాంటి పోస్టర్‌ను దగ్గరికి వెళ్లి చూస్తే తరచుగా కనిపించే దృశ్యం ఇది. సూర్యుడికి కళ్లూ నవ్వూ ఉంటాయి, ఒళ్లంతా పసుపు పూత. పక్కనున్న నీళ్ల గ్లాసు వెంట్రుకంత సన్నటి గీతతో, గీసీ గీయనట్టు ఉంటుంది. గొడుగుకు గీతే లేదు, నల్లటి ముద్ద. అంబులెన్స్‌కు నీడలు, మెరుపులు, అద్దాల్లో ప్రతిబింబాలు. విడివిడిగా చూస్తే ఏ బొమ్మకూ వంక పెట్టలేం. నాలుగూ ఒక వరుసలో నిలబడితే మాత్రం అతుకుల బొంత. చూపు మొదట నల్లటి గొడుగు మీద పడుతుంది, అక్కడి నుంచి పసుపు సూర్యుడి మీదికి దూకుతుంది. అసలు చెప్పాల్సిన గ్లాసు దగ్గర ఆగనే ఆగదు.

ఈ తేడా అందానికి మాత్రమే సంబంధించింది కాదు. ఒక వరుసలో ఒక బొమ్మ మిగతావాటి కంటే బరువుగా ఉంటే, అదే ముఖ్యమని కన్ను అనుకుంటుంది. గొడుగు గీసినవారికి ఆ ఉద్దేశం లేకపోయినా పోస్టర్ ఆ మాటే చెబుతుంది. అందుకే సమాచార చిత్రాలు గీసేవాళ్లు ఐకాన్లను ఒక్కొక్కటిగా ఏరుకోరు, ఒక సెట్‌గా గీస్తారు. గీత మందం, మూలల వంపు, రంగులు అనే మూడు విషయాలను మొదటి బొమ్మకు ముందే తేల్చుకుంటారు.

ఈ పద్ధతికి వియన్నాలో బలమైన పునాది పడింది. 1925లో అక్కడ ఒట్టో న్యూరాత్ ఒక మ్యూజియం తెరిచారు. ఇళ్లు, జీతాలు, జననమరణాల లెక్కలను మామూలు కార్మికులకు అర్థమయ్యేలా బొమ్మలతో చూపించడం దాని పని. ఎక్కువ సంఖ్యను చూపాలంటే బొమ్మను పెద్దది చేయకూడదు, అదే బొమ్మను ఎక్కువసార్లు పెట్టాలి అన్నది న్యూరాత్ బృందం నియమం. ఒకే బొమ్మ వరుసగా ఇరవైసార్లు వస్తే దానిలోని ప్రతి వంకా ఇరవైసార్లు కనిపిస్తుంది. కాబట్టి బొమ్మ శుభ్రంగా, పక్కవాటితో పొత్తు కుదిరేలా ఉండక తప్పదు. జర్మన్ చిత్రకారుడు గెర్డ్ ఆర్న్‌ట్స్ లినోలియం పలకల మీద చెక్కి అచ్చువేస్తూ అలాంటి గుర్తులు వేల సంఖ్యలో తయారుచేశారు. 1935లో ఆ పద్ధతికి ఐసోటైప్ అని పేరు పెట్టారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ నాటికి ఓట్ల్ ఐషర్ దాన్ని ఇంకా బిగించారు. ఆయన ఆటల గుర్తుల్లో తల, మొండెం, చేతులు, కాళ్లు అన్నీ ఒకే గళ్ల మీద పడతాయి. గీతలు అడ్డంగా, నిలువుగా, 45 డిగ్రీల ఏటవాలుగా మాత్రమే పోతాయి. ఈతగాడైనా గుర్రపు రౌతైనా చూడగానే ఒకే ఇంటి పిల్లలని తెలిసిపోతుంది.

మన దేశంలో అందరికీ తెలిసిన గుర్తులు ఎన్నికల గుర్తులు. 1951-52 తొలి సార్వత్రిక ఎన్నికల నుంచీ చదువురాని ఓటరుకు దారి చూపుతున్నవి అవే. అయితే వాటి పని వేరు. బ్యాలెట్ మీద ఏ గుర్తూ పక్కదానిలా కనిపించకూడదు, ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకుంటే ఓటే తారుమారవుతుంది. సమాచార చిత్రంలో అలా కాదు. అక్కడ వస్తువులు మాత్రమే వేరుగా కనిపించాలి, గీసిన చెయ్యి ఒకటే అనిపించాలి.

గీతకు ముందు గళ్లు

వడదెబ్బ పోస్టర్‌కే ఒక సెట్ గీయాలనుకుందాం. ఎనిమిది బొమ్మలు కావాలి: సూర్యుడు, నీళ్ల కుండ, మజ్జిగ గ్లాసు, ఓఆర్ఎస్ ప్యాకెట్, గొడుగు, చెట్టు, థర్మామీటర్, అంబులెన్స్. ముగ్గు వేసేవాళ్లు ముందు చుక్కలు పెట్టుకున్నట్టే, ఇక్కడా ముందు గళ్లు గీసుకోవాలి.

ఎక్కువమంది వాడేది 24 గడుల వెడల్పు, 24 గడుల ఎత్తు ఉన్న చతురస్రం. నాలుగు వైపులా రెండేసి గడులు ఖాళీగా వదిలేస్తే బొమ్మకు 20 గడుల చోటు మిగులుతుంది. గూగుల్ 2014లో తెచ్చిన మెటీరియల్ డిజైన్ ఐకాన్లకు కూడా ఇదే కొలత. ఆ ఖాళీ అంచు ఉండబట్టే రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టినప్పుడు ఒకదానికొకటి రాసుకోవు.

ఇక్కడే కొత్తవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. అన్ని బొమ్మలనూ ఆ 20 గడుల నిండా సాగదీస్తారు. 20 గడుల చతురస్రం, 20 గడుల వృత్తం పక్కపక్కన పెట్టి చూడండి. ఎత్తు ఒకటే అయినా వృత్తం చిన్నగా, చతురస్రం పెద్దగా కనిపిస్తాయి. చతురస్రానికి నాలుగు మూలలు అదనంగా ఉన్నాయి మరి. కన్ను ఎత్తును కొలవదు, మొత్తం మీద ఎంత చోటు ఆక్రమించిందో చూస్తుంది.

మెటీరియల్ డిజైన్‌లో దీనికి నాలుగు అచ్చు ఆకారాలు ఇచ్చారు. చతురస్రమైతే 18 గడులు, వృత్తమైతే 20 గడుల వ్యాసం, నిలువు దీర్ఘచతురస్రం 16 వెడల్పు 20 ఎత్తు, అడ్డం దీర్ఘచతురస్రం 20 వెడల్పు 16 ఎత్తు. వైశాల్యాలు లెక్కకడితే అసలు సంగతి బయటపడుతుంది. చతురస్రానికి 324 గడులు, వృత్తానికి సుమారు 314, దీర్ఘచతురస్రాలకు 320. కొలతలు వేర్వేరు, ఆక్రమించే చోటు దాదాపు ఒకటే. కాబట్టి మన సెట్‌లో ఓఆర్ఎస్ ప్యాకెట్ నిలువు చట్రంలోకి, అంబులెన్స్ అడ్డం చట్రంలోకి, సూర్యుడు వృత్తంలోకి వెళ్తాయి.

రెండు గడుల గీత, రెండు గడుల సందు

ఇప్పుడు గీత మందం. 24 గడుల చట్రానికి 2 గడుల మందం బాగా నప్పుతుంది. ఫెదర్, లూసిడ్ లాంటి ఉచిత ఐకాన్ సెట్లు గీసింది ఈ మందంతోనే. ఇది చేతికొచ్చిన అంకె కాదు. కంప్యూటర్లో గీత మధ్యనుంచి ఒక ఊహారేఖ పోతుంది, దానికి ఇటు సగం అటు సగం మందం పడుతుంది. ఊహారేఖ గడి అంచు మీద ఉంటే, రెండు గడుల గీత ఇటు ఒక గడిని, అటు ఒక గడిని పూర్తిగా నింపుతుంది. తెరమీద అంచు కత్తితో కోసినట్టు వస్తుంది. అదే ఒకటిన్నర గడుల గీతైతే ఇటు ముప్పావు, అటు ముప్పావు పడుతుంది. నిండని పావు గడిని తెర బూడిదరంగుతో నింపుతుంది. గీత మసకబారినట్టు అనిపించేది అందుకే.

గీత ఎంత మందమో, గీతల మధ్య సందు కూడా కనీసం అంత ఉండాలి. మందం రెండు గడులైతే సందూ రెండు గడులు. సూర్యుణ్ణే చూడండి. మధ్యలో 4 గడుల వ్యాసార్ధంతో వృత్తం గీస్తే, గీత మందంలో సగం బయటికి పోయి అంచు 5 గడుల దగ్గర ఉంటుంది. కిరణం 7 గడుల దూరంలో మొదలై 10 దగ్గర ముగియాలి. వృత్తానికీ కిరణానికీ మధ్య కచ్చితంగా రెండు గడుల వెలుగు మిగులుతుంది. ఆ సందును ఒక గడికి తగ్గిస్తే కంప్యూటర్ తెరమీద పెద్దది చేసి చూసినప్పుడు ముచ్చటగానే ఉంటుంది. కాగితం మీద బాగా చిన్నగా తగ్గించి అచ్చువేస్తే సిరా పాకి, కిరణాలు వృత్తానికి అతుక్కుని సూర్యుడు పళ్లచక్రంలా తయారుకావచ్చు.

ఈ సందు నియమమే ఏ బొమ్మలో ఎంత వివరం పెట్టాలో కూడా తేలుస్తుంది. అంబులెన్స్ మీద 108 అని రాయాలని ఎవరికైనా అనిపిస్తుంది. 2005లో హైదరాబాద్‌లో మొదలైన ఆ సేవ అంకెతోనే జనం నోట్లో నానింది కదా! బండి వెనక పెట్టె లోపలి వెడల్పు 10 గడులు. ‘1’కి రెండు గడులు చాలు. ‘0’కు గీత, సందు, గీత కలిపి ఆరు. ‘8’కీ ఆరే. అంకెల మధ్య రెండేసి గడుల సందులు రెండు. అంకెలకే 18, అటూ ఇటూ గోడల నుంచి ఎడం కలిపితే 22 గడులు కావాలి. ఉన్నవి పది. ఎంత తెలివిగా గీసినా పట్టదు. ఆ అంకె బొమ్మ కింద అక్షరాల్లోకి పోవాల్సిందే.

మరి పెట్టె మీద ఏం పెట్టాలి? ఆరు గడుల కూడిక గుర్తు పెడితే అటు రెండు, ఇటు రెండు మిగిలి సరిగ్గా సరిపోతుంది. దానికి ఎర్ర రంగు మాత్రం వేయకూడదు. తెల్లని నేల మీద ఎర్ర శిలువ రెడ్‌క్రాస్ చిహ్నం. అనుమతి లేకుండా దాన్ని వాడటాన్ని 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం మన దేశంలో నిషేధించింది. నీలం రంగు కూడిక గుర్తుతో ఆ పేచీ లేదు, వైద్యసాయం అన్న అర్థమూ పోదు.

మూల ఎంత వంగాలి

గీత మందం కుదిరాక కూడా సెట్ ఎక్కడో పొసగనట్టు ఉంటే, తప్పు చాలాసార్లు మూలల్లో దొరుకుతుంది. ఒక బొమ్మ మూల సూదిగా, ఇంకోదాని మూల సబ్బుబిళ్లలా ఉంటే గీత ఒకటైనా పొత్తు కుదరదు.

ఇక్కడ చిన్న లెక్క ఉంది. ఓఆర్ఎస్ ప్యాకెట్ కోసం గుండ్రటి మూలలున్న దీర్ఘచతురస్రం గీసి, మూల వంపు 2 గడులని ఇస్తారు. ఆ 2 వర్తించేది గీత మధ్యలోని ఊహారేఖకు. బయటి అంచుకు వచ్చేసరికి సగం మందం కలిసి వంపు 3 అవుతుంది, లోపలి అంచుకు సగం తగ్గి 1 అవుతుంది. వంపును 1 గడిగా ఇస్తే బయట 2, లోపల సున్నా. అంటే బయటి మూల మెత్తగా, లోపలి మూల చదరంగా వస్తాయి. రెండూ మంచి శైలులే. మొదటిది మృదువుగా, పిల్లల పుస్తకాలకు తగినట్టు ఉంటుంది. రెండోది కాస్త బిగువుగా, ఆఫీసు సూచికలకు తగినట్టు ఉంటుంది. ఒక సెట్‌లో రెండూ కలవకూడదు, అంతే.

వడదెబ్బ సెట్‌కు వంపు 2 అని తేల్చుకుందాం. ప్యాకెట్‌కు సరే, అంబులెన్స్ కిటికీ సంగతేమిటి? అది నాలుగైదు గడుల బొమ్మ. దానికీ 2 ఇస్తే మూలలన్నీ కలిసిపోయి కిటికీ వృత్తంలా కనిపిస్తుంది. అందుకని చిన్న భాగాలకు వేరే నియమం రాసుకోవాలి. లూసిడ్ సెట్ వాళ్లు 8 గడుల కంటే చిన్న ఆకారాలకు వంపును 1కి తగ్గిస్తారు. ఇక్కడా అదే పాటించవచ్చు.

మూలల కుటుంబంలోదే గీత కొన. గొడుగు కర్ర చివర, సూర్యకిరణం చివర గీత ఆగిపోయే చోట కొన నిక్కచ్చిగా తెగినట్టు ఉండాలా, గుండ్రంగా ఉండాలా? మూలలు గుండ్రమైతే కొనలూ గుండ్రమే. అయితే గుండ్రటి కొన గీతను రెండు వైపులా ఒక్కో గడి పొడిగిస్తుందని మరిచిపోకూడదు. సూర్యకిరణం మూడు గడులు కనిపించాలంటే గీయాల్సిన పొడవు ఒక్క గడే. ఈ పొడిగింపు లెక్కలో చేరకపోతే, జాగ్రత్తగా వదిలిన రెండు గడుల సందు కాస్తా ఒక గడి అయిపోతుంది.

కుండ ఇలా తయారవుతుంది

ఇంతవరకూ చెప్పిన నియమాలు ఒక బొమ్మలో ఎలా కలుస్తాయో నీళ్ల కుండలో చూడవచ్చు. ఎస్‌వీజీ అనే ఫైలు రూపంలో బొమ్మంతా అక్షరాలుగానే ఉంటుంది. ఏ నోట్‌ప్యాడ్‌లోనైనా తెరిచి చదవవచ్చు.

```
<svg xmlns="http://www.w3.org/2000/svg" viewBox="0 0 24 24"
  fill="none" stroke="#1F2A44" stroke-width="2"
  stroke-linecap="round" stroke-linejoin="round">
  <path d="M8 3h8"/>
  <path d="M10 3v2.25a8 8 0 1 0 4 0V3"/>
  <path d="M8 14h8" stroke="#0072B2"/>
</svg>
```

పై మూడు వరుసల్లోనే సెట్ నియమాలన్నీ ఉన్నాయి: 24 గడుల చట్రం, 2 గడుల గీత, గుండ్రటి కొనలు, గుండ్రటి మలుపులు. ఎనిమిది ఫైళ్లలోనూ ఈ భాగం అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉంటుంది. మారేది దాని కింది భాగమే.

కుండలో ఉన్నవి మూడే గీతలు. మొదటిది మూతి అంచు. రెండోది మెడ మీంచి దిగి, 8 గడుల వ్యాసార్ధంతో ఎడమవైపు నుంచి చుట్టి వచ్చి మళ్లీ మెడకు చేరే పొట్ట. మూడోది లోపల నీటి మట్టం. మెడ గీతలు రెండూ 10 దగ్గర, 14 దగ్గర ఉన్నాయి. ఒక్కోదాని సగం మందం తీసేస్తే మధ్యలో రెండు గడుల సందు మిగిలింది. పొట్ట అడుగు 21 దగ్గర ఉంది, సగం మందం కలిస్తే 22. పైన మూతి 3 దగ్గర ఉంది, సగం మందం పోతే 2. అంటే పైనా కిందా రెండేసి గడుల ఖాళీ అంచు చెక్కుచెదరలేదు.

ఇదే చట్రంలో మజ్జిగ గ్లాసు గీస్తే లెక్కలు సరిపోయినా ఒక ఇబ్బంది ఎదురవుతుంది. పైన వెడల్పుగా, కింద సన్నగా ఉండే గ్లాసు 14 గడుల వెడల్పు, 18 గడుల ఎత్తు ఉంటే కుండ పక్కన బక్కచిక్కి కనిపిస్తుంది. పొట్టవైపు ఉబ్బిన కుండతో పోలిస్తే అది ఆక్రమించే చోటు తక్కువ. ఇక్కడ అంకెలను పక్కనపెట్టి కంటిని నమ్మాలి. గ్లాసును చట్రం అంచుల దాకా, అంటే 20 గడుల ఎత్తుకు పెంచి, అడుగును కొంచెం వెడల్పు చేస్తే జోడు కుదురుతుంది. పెంచేటప్పుడు మాత్రం మౌస్‌తో మూల పట్టుకుని లాగకూడదు. గీత బిందువులను జరపాలి. ఎందుకో ముందుముందు తెలుస్తుంది.

రెండు రంగులు, రెండు అర్థాలు

పై ఫైల్లో రెండు రంగులే ఉన్నాయి. ముదురు నీలం గీతకు, లేత నీలం నీటి మట్టానికి. సెట్ మొత్తానికి మూడో రంగు ఒక్కటే చాలు, అది ప్రమాదాన్ని చెప్పే సింధూర వర్ణం. ‘ఇది చేయండి’ అనే ఆరు బొమ్మల్లో ఒక భాగం నీలం: కుండలో నీళ్లు, గొడుగు కర్ర, అంబులెన్స్ మీది కూడిక గుర్తు ఇలా. ‘ఇది ప్రమాదం’ అనే రెండింట్లో ఒక భాగం సింధూరం: సూర్యుడి వృత్తం, థర్మామీటర్లో ఎక్కిన పాదరసం. వడదెబ్బలో ఒంటి వేడి 104 డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతుందన్న హెచ్చరిక ఆ థర్మామీటర్ పక్కనే వస్తుంది.

సూర్యుడికి పసుపు వేయక సింధూరం ఎందుకంటే, తెల్లకాగితం మీద పసుపు గీత నిలవదు. వెబ్ పేజీల ప్రమాణాల్లో అర్థం చెప్పే బొమ్మకు, వెనకనున్న నేలకు మధ్య వెలుగు తేడా కనీసం 3:1 ఉండాలంటారు. తెలుపు మీద నిండు పసుపుకు అది 1 కంటే కాస్త ఎక్కువ, అంతే. పండిన నారింజ రంగు `#E69F00` కూడా 2.25 దగ్గరే ఆగిపోతుంది. సింధూరం `#D55E00` 3.9 దాకా వస్తుంది, నీలం `#0072B2` 5 దాటుతుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని వర్ణాంధత ఉన్నవారు కూడా గుర్తుపట్టేలా జపాన్ శాస్త్రవేత్తలు ఒకాబె, ఇతో కూర్చిన రంగుల జాబితాలోవే ఈ మూడూ.

అయినా ఈ రంగులకు ఒక హద్దు ఉంది. పోస్టర్‌ను ఏ పంచాయతీ ఆఫీసులోనో నలుపు తెలుపు జిరాక్స్ తీస్తే నీలం, సింధూరం దాదాపు ఒకే బూడిదరంగుగా వస్తాయి. కాబట్టి ప్రమాదం అన్న మాటను రంగు ఒక్కదాని మీదే మోపకూడదు. రెండు ప్రమాద బొమ్మలను పైవరుసలో, ఆరు సలహా బొమ్మలను కింది వరుసల్లో పెడితే జిరాక్స్‌లోనూ అర్థం నిలుస్తుంది.

రంగును ఎక్కడ వేస్తామన్నదీ బరువును మార్చేస్తుంది. సూర్యుడి వృత్తమంతా సింధూరం పూసి, కుండకు గీత మాత్రమే రంగు వేస్తే సూర్యుడు వరుసలోంచి ముందుకు దూకుతాడు. అందుకే రంగు ఏ బొమ్మలోనైనా గీతకే, అదీ ఒక్క భాగానికే అని రాసిపెట్టుకోవాలి. అచ్చుకు పంపేటప్పుడు ఇంకో మార్పు అవసరం. ముదురు నీలం గీతను ప్రెస్సులో నాలుగు సిరాలు కలిపి తీస్తారు. ఆ నాలుగు ముద్రలు వెంట్రుకవాసి జరిగినా సన్నటి గీత అంచుకు రంగు నీడలు పడతాయి. కాగితం ప్రతిలో ఆ గీతను ఒక్క నల్ల సిరాతోనే వేయించడం మేలు.

ఎక్కడ చెడుతుంది, ఎలా పట్టుకోవాలి

ఎనిమిదీ గీయడం అయింది, పోస్టర్‌లో పేరుస్తున్నారు. సూర్యుడు పైన పెద్దగా ఉంటే బాగుంటుందని మూల పట్టుకుని రెండింతలు లాగుతారు. సెట్ విడిపోయేది ఈ లాగుడుతోనే. బొమ్మతోపాటు గీత కూడా రెండింతలై 4 గడులవుతుంది, మూల వంపూ రెండింతలవుతుంది. పక్కనున్న థర్మామీటర్ గీత ఇంకా రెండే. గ్లాసును లాగవద్దన్నది ఇందుకే. ఇలస్ట్రేటర్‌లో `Scale Strokes & Effects` అనే ఎంపికను తీసేస్తే గీత మందం మారదు. ఇంక్‌స్కేప్‌లోనూ అలాంటి బొత్తాం పైవరుసలో ఉంటుంది. కానీ మందం మారకపోతే పెద్ద బొమ్మలో గీత సన్నగా, సందులు విశాలంగా కనిపిస్తాయి. అసలు పరిష్కారం, ఒక పోస్టర్‌లో బొమ్మలన్నిటినీ ఒకే పరిమాణంలో పెట్టడం. పెద్ద సూర్యుడు కావాల్సిందే అనుకుంటే, దాన్ని ఐకాన్‌గా కాక పైభాగపు చిత్రంగా విడిగా గీయించాలి.

తగ్గించడానికీ హద్దు ఉంది. 12 మిల్లీమీటర్ల ఐకాన్‌లో గీత ఒక మిల్లీమీటర్ మందం వస్తుంది, ఆరుకు తగ్గిస్తే అర మిల్లీమీటర్. కాగితం మీద అది చదవదగ్గదే. అదే బొమ్మను తెరమీద 16 పిక్సెళ్లకు తగ్గిస్తే రెండు గడుల గీత 1.33 పిక్సెళ్లవుతుంది, మసక తప్పదు. అంత చిన్నది కావాలంటే వివరాలు తగ్గించి మళ్లీ గీయాల్సిందే.

ఇద్దరు ముగ్గురు కలిసి గీసిన సెట్‌లో మందం తేడాలు కంటికి దొరక్కుండా దాగి ఉంటాయి. ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి, లినక్స్ లేదా మ్యాక్ టెర్మినల్‌లో ఈ ఒక్క వరుస నడిపితే చాలు.

```
grep -ho 'stroke-width="[^"]*"' *.svg | sort | uniq -c
```

ఎన్ని రకాల మందాలున్నాయో, ఒక్కోటి ఎన్నిసార్లు వచ్చిందో జాబితా వస్తుంది. పైన చూపిన కుండ ఫైలులా ఎనిమిదీ రాసి ఉంటే, 8 అన్న లెక్కతో `stroke-width="2"` అని ఒక్క వరుసే రావాలి. మధ్యలో `1.87` అనో `2.4` అనో కనిపిస్తే ఎవరో మూల పట్టుకుని లాగారన్నమాట. అయితే ఈ పరీక్షను దాటిపోయే దొంగ ఒకటుంది. లాగినప్పుడు కొన్నిసార్లు సాఫ్ట్‌వేర్ మందాన్ని 2గానే ఉంచి, ఫైల్లో `transform="scale(1.2)"` అని చేరుస్తుంది. రాసింది 2 అయినా కనిపించేది 2.4. కాబట్టి `transform` అనే మాటను కూడా వెతకాలి. ఇంకో జాగ్రత్త, గీతలను `Stroke to Path` ఆదేశంతో ఆకారాలుగా మార్చేశాక మందం అనే అంకే ఫైల్లో మిగలదు. తర్వాత సరిదిద్దాలన్నా దారుండదు. గీతలున్న అసలు ప్రతిని విడిగా దాచి, ప్రెస్సుకు ఇచ్చే నకలుకే ఆ మార్పు చేయాలి.

అంకెలతో పట్టుబడని తప్పులకు కంటి పరీక్షలున్నాయి. ఎనిమిది బొమ్మలనూ రంగు లేకుండా నలుపులో ఒకే వరుసలో అచ్చుతీసి, గోడకు అంటించి, ఐదారు అడుగుల దూరంలో నిలబడి కళ్లు సగం మూసి చూడాలి. బొమ్మలు కరిగి ఎనిమిది బూడిదరంగు మచ్చలవుతాయి. ఒక మచ్చ మిగతావాటికంటే నల్లగా ఉంటే దానిలో గీతలు ఎక్కువయ్యాయని అర్థం. ఈ సెట్‌లో ఆ అవకాశం ఎక్కువగా ఉన్నది చెట్టుకు, అంబులెన్స్‌కు. చెట్టుకు ఆకులు గీయాలన్న ఆశ పుడుతుంది, అంబులెన్స్‌కు సైరన్, తలుపు పిడి, పక్క చారలు పెట్టాలనిపిస్తుంది. చెట్టును ఒక గుబురు, ఒక కాండంగా కుదించి, బండిలో పెట్టె, ముందు భాగం, రెండు చక్రాలు, కూడిక గుర్తు మాత్రం ఉంచితే మచ్చలు సమానమవుతాయి. తేలికగా కనిపించేది గొడుగు. పైన పెద్ద గోపురం, కింద ఒక్క కర్ర, మిగతాదంతా ఖాళీ. గోపురం కింది అంచును మూడు వంపులుగా గీస్తే దానికి కావాల్సిన బరువు వస్తుంది.

ఇంత పని అయ్యాక మిగలాల్సింది ఎనిమిది ఫైళ్లే కాదు, వాటితోపాటు ఒక్క పేజీ కాగితం కూడా. 24 గడుల చట్రం, రెండు గడుల అంచు, గీత 2, సందు 2, మూల వంపు 2, ఎనిమిది గడులకు లోపువాటికి 1, కొనలు గుండ్రం, రంగులు మూడు, రంగు ఒక్క భాగానికే. పోస్టర్‌కు వచ్చే ఏడాది విసనకర్ర బొమ్మ కూడా కావాలంటారు. అప్పటికి మొదటి ఎనిమిదీ గీసినవారు వేరే ఊళ్లో, వేరే ఉద్యోగంలో ఉండవచ్చు. కొత్తగా వచ్చినవారు ఆ కాగితం ముందు పెట్టుకుని, కుండ ఫైలు తెరిచి, పై మూడు వరుసలు అలాగే ఉంచి, కింద కుండ గీతలు చెరిపి విసనకర్ర గీతలు రాస్తారు. గోడమీద తొమ్మిది బొమ్మల వరుస అంటించి దూరంగా నిలబడి చూసినప్పుడు, కొత్తగా చేరింది ఏదో వెతుక్కోవాల్సి వస్తే ఆ పేజీ సరిగ్గా రాసినట్టే.